ఏడ్చి ఉబ్బిన కళ్లు, కందిపోయిన ముక్కు: పెళ్లి ఫొటోలో సహజంగా ఎలా తగ్గించాలి

అప్పగింతలప్పుడు ఏడుస్తూ ఉండగా తీసిన ఫొటోల జోలికి నేను వెళ్లను, మీరూ వెళ్లొద్దని చెప్తాను. అమ్మ భుజం మీద తలపెట్టి ఏడుస్తున్న అమ్మాయికి ముక్కు ఎర్రగా ఉండకపోతే ఆ ఫొటో అబద్ధం అవుతుంది. ఇబ్బంది అంతా ఆ తర్వాత పది నిమిషాలకి తీసిన ఫొటోలతోనే. ఏడుపు ఆగిపోయి ఉంటుంది, నవ్వుతూ నిలబడి ఉంటుంది, కానీ మొహం మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంటుంది.

మా పిన్ని కూతురి పెళ్లిలో సరిగ్గా ఇలాంటి ఫొటోనే ఒకటి ఉంది. అప్పగింతలు అయ్యాక, కారెక్కే ముందు అమ్మమ్మ పక్కన నిలబడి తీయించుకుంది. ఆ రోజు వాళ్లిద్దరే ఉన్న ఫొటో అదొక్కటే. నవ్వు చాలా బాగుంది, అమ్మమ్మ కూడా కెమెరా వైపే చూస్తోంది. కానీ పెళ్లికూతురి పై రెప్పలు ఉబ్బి కళ్లు సగమే తెరిచినట్టున్నాయి, తెల్లగుడ్డు జేవురించింది, ముక్కు కొన దగ్గర్నుంచి పై పెదవి దాకా కందిపోయి ఉంది. "అక్కా, ఏడ్చినట్టు తెలియకుండా చేస్తావా, కానీ నన్ను నాలాగే ఉంచు" అంది. ఆ ఫొటోని నేను ఎలా చేశానో అదే వరసలో చెప్తాను, అంకెలతో సహా. నేను వాడింది ఫొటోషాప్. ఫొటోపియాలో మెనూలు దాదాపు ఇలాగే ఉంటాయి. గింప్‌లో ఎలా చేయాలో మధ్యలో చెప్తాను.

ముందు ఫైలు సంగతి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో మీద ఈ పని చేయకండి. అలా పంపినప్పుడు ఫొటో బాగా కుదించుకుపోతుంది, అందులోనూ వెలుతురు వివరాల కంటే రంగు వివరాలు ఎక్కువ పోతాయి. మనం చేయబోయేదంతా రంగు పనే కాబట్టి, ముక్కు మీద కాస్త రంగు మార్చగానే చిన్న చిన్న చదరపు మచ్చలు బయటపడతాయి. ఫొటోగ్రాఫర్‌ని అసలు ఫైలు అడగండి, రా ఫైలు ఉంటే ఇంకా మంచిది. వాట్సాప్ తప్ప దారి లేదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

దాంతోపాటు ఇంకో ఫొటో కూడా అడిగి తీసుకోండి. అదే రోజు పొద్దున, ఏడవక ముందు, దగ్గర్నుంచి తీసిన మొహం. ఇది లేకుండా నేను మొదలుపెట్టను. ఎందుకంటే కంటి కింద కనిపించే గీతల్లో ఏది ఏడుపు వల్ల వచ్చింది, ఏది ఆ అమ్మాయికి చిన్నప్పట్నుంచీ ఉన్నది అనేది ఒక్క ఫొటో చూసి చెప్పలేం. మా చెల్లికి ఎడమ కంటి కింద సన్నని మడత ఎప్పుడూ ఉంటుంది. పొద్దుటి ఫొటో పక్కన పెట్టుకోకపోతే నేనే దాన్ని ఉబ్బు అనుకుని తీసేసేదాన్ని.

ఇంకొక్కటి. మొహం మొత్తం, అమ్మమ్మ మొహం కూడా, ఎర్రగానో పసుపుగానో ఉంటే అది ఏడుపు కాదు, హాల్లో లైట్ల రంగు. ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. తెల్ల జరీ పంచెనో, గోడనో చూసి సరిచేస్తే చాలు. దీన్ని వదిలేసి ముక్కు మీద మొదలుపెడితే చివరికి మొహమంతా దిద్దాల్సి వస్తుంది.

ఎరుపు ఎక్కడ ఉందో చూడటం

ఇది అర్థమైతే మిగతా పని సగం తేలికవుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఏడ్చినప్పుడు కంట్లోనూ ముక్కు మీదా సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. కన్నీళ్లలో కొంత కంటి కొలికిలో ఉండే చిన్న రంధ్రం గుండా ముక్కులోకి దిగుతుంది, అందుకే ఏడిస్తే ముక్కు కారుతుంది. దాన్ని చేతిరుమాలుతోనో చీర కొంగుతోనో పదిసార్లు తుడిస్తే ముక్కుపుటాల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. ఇదంతా రక్తం రంగు. రక్తం ఆకుపచ్చ వెలుతురుని బాగా పీల్చుకుంటుంది, ఎర్ర వెలుతురుని పెద్దగా పీల్చుకోదు. అంటే కందిపోయిన చోట ఫొటోలో ఎరుపు పెరగలేదు, ఆకుపచ్చ తగ్గింది.

మీరే చూడండి. ఫొటో తెరిచి Ctrl+3 నొక్కితే రెడ్ చానెల్ ఒక్కటే నలుపు తెలుపులో కనిపిస్తుంది. అందులో ముక్కు శుభ్రంగా, బుగ్గతో సమానంగా ఉంటుంది. ఇప్పుడు Ctrl+4 నొక్కండి, అది గ్రీన్ చానెల్. ముక్కు కొన, ముక్కుపుటాలు, పై పెదవి మీద, రెప్పల అంచుల్లో, కొందరికి కనుబొమల కింద కూడా నల్లటి మచ్చలు పడ్డట్టు కనిపిస్తాయి. ఆ మచ్చలే మీ పని జరగాల్సిన చోట్లు. మామూలుగా చూస్తే నాకు ముక్కు ఒక్కటే కందినట్టు అనిపించింది. గ్రీన్ చానెల్‌లో చూశాక కనుబొమల మధ్య కూడా ఉందని తెలిసింది. Ctrl+2 నొక్కితే మళ్లీ రంగుల్లోకి వస్తారు.

అందుకే చాలామంది చేసేలా సాచురేషన్ తగ్గించుకుంటూ పోతే ముక్కు బూడిద రంగుకి తిరుగుతుంది తప్ప బాగవదు. మన చామనఛాయ, గోధుమ రంగు చర్మాల మీద కందిన చోటు ఎర్రగా మారడంతో ఆగదు, చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లబడుతుంది కూడా. సాచురేషన్ తగ్గిస్తే ఆ నలుపు అలాగే ఉండిపోతుంది. తగ్గిన ఆకుపచ్చని తిరిగి ఇస్తే రంగూ నలుపూ రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

ముక్కు

ముందు రెండు చోట్ల రంగు కొలవండి. ఐడ్రాపర్ టూల్ తీసుకుని పైన Sample Size దగ్గర 5 by 5 Average పెట్టండి, లేకపోతే ఒక్క చుక్క రంగు తీసుకుని తప్పు చెప్తుంది. Info ప్యానెల్ తెరిచి ఉంచి, బాణాన్ని ముక్కు పక్కన కందిన చోట పెట్టి అంకెలు రాసుకోండి. తర్వాత అదే వెలుతురు పడుతున్న బుగ్గ మీద పెట్టి రాసుకోండి. ఈ "అదే వెలుతురు" అన్నది మర్చిపోవద్దు. ముక్కుకి కుడి పక్క నీడలో ఉంటే ఎడమ బుగ్గ వెలుగుతో పోల్చడం పనికిరాదు. పసుపు రాసిన చోటు, బుగ్గచుక్క దగ్గర, బ్లష్ వేసిన చోటు కూడా కొలవకండి. నేను బుగ్గ కింది భాగంలో, దవడకి పైన తీసుకున్నాను.

నాకు బుగ్గ మీద రెడ్ 192, గ్రీన్ 142, బ్లూ 113 వచ్చాయి. ముక్కు పక్కన రెడ్ 186, గ్రీన్ 116, బ్లూ 101. రెడ్ దాదాపు ఒకటే, గ్రీన్ 26 తక్కువ, బ్లూ 12 తక్కువ. పైన చెప్పింది అంకెల్లో కనిపిస్తోంది చూడండి.

ఇప్పుడు Layer > New Adjustment Layer > Curves తెరవండి. చానెల్ దగ్గర Green ఎంచుకుని గీత మీద ఒక చుక్క పెట్టి Input 116, Output 135 ఇవ్వండి. 142 దాకా కాకుండా 135 దగ్గరే ఆపడానికి కారణం ఉంది, ఎవరికైనా ముక్కు కొన బుగ్గ కంటే కొంచెం ఎర్రగానే ఉంటుంది. బుగ్గతో పూర్తిగా సమానం చేస్తే ముక్కు మట్టితో చేసి అతికించినట్టుంటుంది. తేడాలో మూడొంతుల దాకా తీసేసి పావు వంతు వదిలేయడం నా లెక్క.

అదే గీత మీద ఇంకో రెండు చుక్కలు పెట్టండి. ఒకటి 35 దగ్గర, ఇంకొకటి 215 దగ్గర, రెండింటికీ Input, Output సమానం. మొదటిది ముక్కు రంధ్రాల చీకటి ఆకుపచ్చగా మారకుండా కాపాడుతుంది, రెండోది ముక్కు మీద మెరుపు పాలిపోకుండా చూస్తుంది. ఆ తర్వాత Blue చానెల్‌కి వెళ్లి 101 ని 109 చేయండి. బ్లూ పెంచకుండా గ్రీన్ ఒక్కటే పెంచితే ముక్కు పసుపుగా, కామెర్ల రంగులోకి వెళ్తుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు అదే అయ్యి, ఎక్కడ తప్పో తెలియక చాలాసేపు గ్రీన్‌తోనే కుస్తీ పట్టాను.

ఈపాటికి ఫొటో మొత్తం పచ్చగా కనిపిస్తుంది, కంగారు పడకండి. లేయర్ పక్కన ఉన్న తెల్ల మాస్క్ మీద క్లిక్ చేసి Ctrl+I నొక్కితే అది నల్లగా మారి మార్పంతా మాయమవుతుంది. తెల్ల రంగుతో మెత్తటి బ్రష్ తీసుకోండి, Hardness 0, Flow 10. బ్రష్ సైజు ముక్కుపుటం వెడల్పు ఉంటే సరిపోతుంది. కందిన చోట నెమ్మదిగా దిద్దుకుంటూ రండి. నడిమధ్యలో ఎక్కువసార్లు, అంచులకి వచ్చేసరికి ఒకటి రెండుసార్లు. ఎరుపు కూడా అలాగే మధ్యలో చిక్కగా, పోనుపోను పలచగా ఉంటుంది కాబట్టి మాస్క్ కూడా అలాగే ఉండాలి. తర్వాత పై పెదవి మీది చర్మం. దీన్ని చాలామంది మర్చిపోతారు, ముక్కు మామూలుగా ఉండి కింద మీసం ఉండే చోటు ఎర్రగా మిగిలితే జలుబు చేసిన మనిషిలా ఉంటుంది. అక్కడ ముక్కుకి ఇచ్చిన దాంట్లో సగం ఇస్తే చాలు. లిప్‌స్టిక్ అంచు దాటొద్దు.

ముక్కుపుడక, బులాకీ, బొట్టు వీటి మీదికి బ్రష్ వెళ్తే వెంటనే నల్ల రంగుతో చెరిపేయండి. ముక్కుపుడకలో కెంపు రాయి ఉంటే అది గోధుమ రంగుకి తిరుగుతుంది, బంగారం ఇత్తడిలా అవుతుంది. మా ఫొటోలో ముక్కుపుడక సరిగ్గా కందిన చోటి మధ్యలో ఉంది, దాని చుట్టూ చిన్న బ్రష్‌తో విడిగా దిద్దాల్సి వచ్చింది.

గింప్‌లో అయితే లేయర్‌ని డూప్లికేట్ చేసి, పై దాని మీద Colors > Curves లో ఇవే అంకెలు ఇచ్చి, ఆ లేయర్‌కి నల్ల మాస్క్ తగిలించి తెల్ల బ్రష్‌తో దిద్దండి. ఫలితం ఒకటే.

ముక్కు చివర పొట్టు లేచిన చర్మం, టిష్యూ ముక్కలు ఉంటే ఇప్పుడు తీయండి. కొత్త ఖాళీ లేయర్ వేసి, హీలింగ్ బ్రష్ తీసుకుని Sample దగ్గర Current & Below పెట్టి, పొట్టు ఎంత ఉందో అంతే సైజు బ్రష్‌తో ఒక్కొక్కటీ తీయాలి. మొత్తం మీద రుద్దేస్తే చర్మం గీతలు, రంధ్రాలు పోయి అక్కడొక్కటే నున్నగా తయారవుతుంది. రంగు సర్దాక ఈ పొట్టు సగం కనిపించదు, అందుకే దీన్ని ముందు చేయకండి.

తెల్లగుడ్డు

దీనికి ఇంకో Curves లేయర్ వేయండి, ముక్కు లేయర్‌తో కలపొద్దు. పద్ధతి అదే, గ్రీన్, బ్లూ రెండూ పెంచడం. మా ఫొటోలో తెల్లగుడ్డు మీద రెడ్ 204, గ్రీన్ 166, బ్లూ 160 ఉంది. గ్రీన్‌ని 184కి, బ్లూని 177కి తీసుకెళ్లి ఆపేశాను. మూడు అంకెలూ సమానం చేసి తెల్లగా మెరిపించాలని మీకూ అనిపిస్తుంది, ఆగండి. తెల్లగుడ్డు ఎప్పుడూ తెల్లగా ఉండదు. పై రెప్ప నీడ దాని మీద పడుతుంది, గుండ్రంగా ఉంటుంది కాబట్టి పక్కలకి వెళ్లేకొద్దీ నల్లబడుతుంది. పెళ్లికూతురి ఫొటోలో సరిపోల్చుకోవడానికి ఒక మంచి సాధనం ఉంది, జడలో మల్లెపూలు. వెలుతురు పడ్డ మల్లెరేకు కంటే తెల్లగుడ్డు బాగా మసకగా ఉండాలి. మల్లెపూలతో సమానంగా వచ్చిందంటే బొమ్మ కళ్లయిపోయాయని అర్థం.

మాస్క్ దిద్దేటప్పుడు కంటి కొలికిలో ఉండే గులాబీ రంగు కండని వదిలేయండి. అది ఏడవని మనిషికి కూడా గులాబీ రంగులోనే ఉంటుంది, దాన్ని తెల్లగా చేస్తే చూసేవాళ్లకి ఏదో తేడాగా అనిపిస్తుంది గానీ ఎందుకో చెప్పలేరు. నల్లగుడ్డు అంచు మీదికి కూడా వెళ్లొద్దు, ఆ అంచు మసకగా ఉంటేనే బాగుంటుంది.

నరాలు మిగులుతాయి. వాటిలో దూరం నుంచి చూసినా కనిపించే లావుపాటివి రెండో మూడో ఉంటాయి, వాటిని మాత్రమే తీయండి. ఇక్కడ హీలింగ్ బ్రష్ కంటే క్లోన్ స్టాంప్ నయం, ఎందుకంటే హీలింగ్ బ్రష్ పక్కనున్న నల్లగుడ్డు రంగునో కాటుకనో లాక్కొచ్చి మరక చేస్తుంది. Opacity 30 పెట్టి, నరం పక్కనే ఉన్న చోటు నుంచి తీసుకుని రెండు మూడుసార్లు అద్దితే నరం వెనక్కి వెళ్లిపోతుంది. పూర్తిగా పోవాల్సిన పనిలేదు.

కింది రెప్ప అంచున తడి గీత మెరుస్తూ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. అది అందరి కళ్లలోనూ ఉంటుంది. తీసేస్తే కళ్లు ఎండిపోయినట్టు, ఎటు చూస్తున్నాయో తెలియనట్టు అవుతాయి. చెంప మీదికి జారిన కాటుక చార ఉంటే మాత్రం ఖాళీ లేయర్ మీద హీలింగ్ బ్రష్‌తో తీసేయొచ్చు. అదే ఊపులో బుగ్గచుక్కని చెరిపేయకుండా చూసుకోండి.

ఉబ్బు

ఇక్కడిదాకా చేసింది రంగు పని. ఉబ్బు రంగు కాదు, వెలుగూ నీడా. రెప్పల చర్మం బాగా పలచన, అందుకే నీరు అక్కడ తొందరగా చేరి ఉబ్బుతుంది. ఉబ్బిన చోట పైన వెలుతురు పడి మెరుస్తుంది, దాని కింద అంచున నీడ గీత పడుతుంది. కన్ను చూసేది ఆ మెరుపూ నీడా మధ్య తేడానే. ఆ తేడా తగ్గిస్తే ఉబ్బు తగ్గినట్టే, చర్మాన్ని ఎక్కడా రుద్దనక్కర్లేదు.

ఇంకో రెండు Curves లేయర్లు వేయండి, ఈసారి చానెల్ RGB. మొదటి దానిలో మధ్య చుక్కని 128 నుంచి 145కి పెంచండి, రెండో దానిలో 128 నుంచి 113కి తగ్గించండి. రెండింటి మాస్కులూ Ctrl+I తో నల్లగా చేయండి. బ్రష్ మెత్తగా, Flow 3 మాత్రమే, సైజు నీడ గీత ఎంత మందం ఉంటే అంత. పెంచే లేయర్ మీద కింది రెప్ప దిగువన ఉన్న నీడ గీత వెంట దిద్దండి. తగ్గించే లేయర్ మీద ఉబ్బు పైన మెరిసే చోట దిద్దండి. మూడు నాలుగు సార్లు రాసేదాకా ఏమీ మారినట్టు అనిపించదు, అలా ఉండటమే మంచిది. Flow 20 పెట్టి ఒక్క గీతతో తేల్చేద్దామని చూస్తే గీత స్థానంలో తెల్ల చార మిగులుతుంది.

ఈ పని దగ్గర్నుంచి చేయొద్దు. ఫొటోని 33 శాతం దగ్గర ఉంచి చేయండి. 200 శాతంలో ఉబ్బు అసలు కనిపించదు, చర్మం మీద గుంటలే కనిపిస్తాయి, వాటిని సర్దుకుంటూ కూర్చుంటే గంట గడిచినా ఉబ్బు అలాగే ఉంటుంది. నీడ గీత దగ్గర చర్మం నారింజ రంగుకి తిరుగుతున్నట్టు అనిపిస్తే ఆ లేయర్ బ్లెండ్ మోడ్ Luminosity కి మార్చండి.

పొద్దుటి ఫొటో పక్కన పెట్టుకోమన్నది దీనికే. అందులో ఎంత మడత ఉందో అంతవరకు వచ్చాక ఆగిపోవాలి. నవ్వినప్పుడు కింది రెప్ప ఎవరికైనా కొంచెం ఉబ్బుతుంది, ఆ చిన్న ఉబ్బే నవ్వు కళ్లలోకి వచ్చిందని చెప్పేది. దాన్ని కూడా చదును చేస్తే పెదవులు నవ్వుతాయి, కళ్లు నవ్వవు.

పై రెప్ప ఎర్రగా ఉంటే ముక్కుకి చేసిన Curves లేయర్ మాస్క్ మీదే తక్కువ Flow తో దిద్దొచ్చు. కానీ అది మెరూన్ ఐషాడో కూడా అయ్యుండొచ్చు కదా, పొద్దుటి ఫొటోలో చూసి తేల్చుకోండి. మా చెల్లి రెప్పల మీద రాగి రంగు షాడో ఉంది, నేను రెప్పల లోపలి మూల తప్ప మిగతాది వదిలేశాను.

ఇప్పుడు మిగిలింది కన్ను చిన్నబోవడం. పై రెప్ప ఉబ్బి కిందికి వాలింది కాబట్టి ఇది వెలుగునీడలతో పోదు, రెప్పని కొంచెం జరపాలి. ముందు అన్ని లేయర్లనీ కలిపి పైన ఒక కొత్త లేయర్‌గా తీసుకోండి, అన్నిటికంటే పై లేయర్ మీద ఉండి Ctrl+Shift+Alt+E నొక్కితే వస్తుంది. దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి Filter > Liquify తెరవండి. పక్కన ఉండే Eye Size స్లైడర్ ముట్టుకోవద్దు, అది నల్లగుడ్డుని కూడా పెద్దది చేస్తుంది, మనిషి పోలికే మారిపోతుంది. ముందు Freeze Mask టూల్‌తో కనుపాప మీదా నల్లగుడ్డు కింది సగం మీదా పూయండి, అక్కడ ఏమీ కదలదు. తర్వాత Forward Warp టూల్, Pressure 15, బ్రష్ సైజు కంటి వెడల్పులో సగం. రెప్ప అంచుని మధ్యలో పట్టుకుని పైకి చిన్నగా తోయండి, తర్వాత రెండు పక్కలా ఇంకా కొంచెం తక్కువగా.

ఎంత తోయాలి? మా ఫొటోలో కన్ను ఒక కొలికి నుంచి ఇంకో కొలికి దాకా దాదాపు 180 పిక్సెల్స్ ఉంది, నేను రెప్పని జరిపింది 3 పిక్సెల్స్. చదివితే ఏమీ కాదనిపిస్తుంది గానీ కన్ను తెరుచుకున్నట్టు స్పష్టంగా తెలిసింది. 6 పిక్సెల్స్ దగ్గర ప్రయత్నించి చూశాను, ఉలిక్కిపడినట్టు ఉంది. రెండు కళ్లూ సమానంగా ఉబ్బవు, ఎక్కువ వాలిన కంటిని ఎక్కువ జరపాలి, అయినా రెండింటినీ అద్దంలో పెట్టినట్టు ఒకేలా చేయకూడదు. పొద్దుటి ఫొటోలో కుడి కన్ను కొంచెం చిన్నదైతే ఇక్కడా అలాగే ఉంచండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

గంటసేపు అదే మొహం చూశాక మన కన్ను నమ్మదగ్గది కాదు. అన్నిటికంటే పైన తాత్కాలికంగా ఒక Hue/Saturation లేయర్ వేసి Saturation ని 60కి పెంచండి. మొహం భయంకరంగా ఉంటుంది, కానీ ఎర్రగా మిగిలిన చోట్లూ, మీరు ఎక్కువ దిద్ది పచ్చగా చేసిన చోట్లూ ఒక్కసారిగా బయటపడతాయి. నాకు ముక్కు ఎడమ అంచున సన్నని ఎర్ర చంద్రవంక మిగిలిపోయినట్టు అప్పుడే కనిపించింది. మాస్క్ అక్కడిదాకా వెళ్లలేదు. సరిదిద్దాక ఆ లేయర్ తీసేయండి. రెప్ప జరిపిన లేయర్ అప్పటికే కలిపి తీసుకున్నది కాబట్టి, కింద మాస్కులు మారిస్తే ఆ కలపడం, జరపడం మళ్లీ చేయాల్సి వస్తుంది. అందుకని ఈ పరీక్ష రెప్ప జరపడానికి ముందే ఒకసారి చేసుకోండి.

తర్వాత ఫొటోని ఫోన్ స్క్రీన్ మీద కనిపించేంత చిన్నది చేసి, పక్కన ఉన్న మనిషి మొహంతో కలిపి చూడండి. పెళ్లికూతురు మాత్రమే పాలిపోయి, అమ్మమ్మ మామూలు రంగులో ఉంటే మీరు ఎక్కువ తీశారు. అప్పుడు మళ్లీ మొదట్నుంచీ చేయనక్కర్లేదు, రెప్ప జరపడానికి ముందే ఈ తేడా కనిపిస్తే ముక్కు లేయర్ Opacity ని 100 నుంచి 80కో 75కో తగ్గించండి. నేను ముక్కుకి 85 దగ్గర, తెల్లగుడ్డుకి 80 దగ్గర ఆగాను.

కొన్ని ఫొటోలకి ఇదంతా పనిచేయదు. స్టేజి మీద ఎర్ర ఎల్‌ఈడీ లైట్లు నేరుగా మొహం మీద పడి రెడ్ 255కి చేరిపోతే ఆ చోట వివరాలే ఉండవు, గ్రీన్ ఎంత పెంచినా మొహం మీద రంగు పూసినట్టు అవుతుంది. అలాంటి దాన్ని రెడ్ చానెల్ వదిలేసి బ్లూ, గ్రీన్ కలిపి నలుపు తెలుపు చేయడం మెరుగని నా అనుభవం, రెడ్ పూర్తిగా కాలిపోయి ఉంటుంది కాబట్టి. ఇంకా, లైటు ఒక పక్క నుంచే పడినప్పుడు ఉబ్బు నీడ చాలా లోతుగా ఉంటుంది, దాన్ని సగం కంటే ఎక్కువ తగ్గించబోతే కన్ను చుట్టూ చర్మం చదునై ముసుగులా కనిపిస్తుంది. అక్కడ సగంతో సరిపెట్టుకోండి, ఫొటో ఇచ్చినవాళ్లకి కూడా ముందే ఆ మాట చెప్పండి.

ఆల్బమ్‌కి పంపే ముందు ఒక్క 4x6 ప్రింటు తీయించండి. స్క్రీన్ మీద సరిపోయిన ఎరుపు కాగితం మీద వేరేలా వస్తుంది. మాకు వచ్చిన ప్రింటులో ముక్కు బాగానే ఉంది, పై పెదవి మీది చర్మం మాత్రం ఇంకా కొంచెం కందినట్టే ఉంది. మాస్క్ మీద అక్కడ రెండుసార్లు బ్రష్ తిప్పి, పై లేయర్ మళ్లీ కలిపి, రెప్పని మళ్లీ ఆ 3 పిక్సెల్స్ జరిపి పంపాను, రెండో ప్రింటుకి సరిపోయింది.